క్యారసెల్ పోస్ట్ చేసే ముందు: స్వైప్, మార్జిన్లు, మొదటి స్లైడ్ ఎలా చూసుకోవాలి

శ్రీకాకుళం చుట్టుపక్కల చేనేత, జీడిపప్పు, ఇత్తడి సామాన్లు అమ్మేవాళ్లు చాలామంది ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నారు. వాళ్ల నుంచి నాకు పదేపదే వచ్చే ప్రశ్న ఒకటే: "డిజైన్ బాగానే ఉంది కదండీ, మరి రెండో స్లైడ్ దాకా ఎవరూ ఎందుకు రావట్లేదు?" ఫైల్ పంపమంటాను. తెరిచి చూస్తే డిజైన్ నిజంగానే బాగుంటుంది. స్లైడ్‌లను విడివిడిగా చూస్తే వంక పెట్టడానికి ఏమీ ఉండదు. వరసగా జరుపుతూ చూసినప్పుడే లోపం బయటపడుతుంది.

అందుకని కొత్తగా డిజైన్ చేయడం గురించి ఇక్కడ చెప్పను. చేసేసిన క్యారసెల్‌ను పోస్ట్ చేసే ముందు ఎలా పరీక్షించాలో మాత్రం చెబుతాను. ఉదాహరణకి పొందూరు ఖాదీ పంచెలు అమ్మే ఒక దుకాణం కోసం చేసిన ఎనిమిది స్లైడ్‌ల పోస్టును తీసుకుందాం. సైజు 1080 × 1350.

కావలసినవి

- డౌన్‌లోడ్ చేసిన స్లైడ్‌లు, PNG రూపంలో. ఎడిటర్‌లో కనిపించేదాన్ని కాదు, బయటికి తీసిన ఫైళ్లనే పరీక్షించాలి.
- మీ ఫోన్.
- కాన్వా లాంటి ఎడిటర్ తెరవడానికి వీలుంటే ఒక కంప్యూటర్. లేకపోయినా పని జరుగుతుంది, ఆ దారి కూడా చెబుతాను.
- ఒక తెల్లకాగితం, పెన్ను.
- ఈ పోస్టు గురించి ఏమీ తెలియని మనిషి ఒకరు.

ముందే ఒక జాగ్రత్త. డిజైనర్ ఫైళ్లను వాట్సాప్‌లో ఫొటోలుగా పంపితే అవి కుదించుకుపోతాయి. అక్షరాల అంచులు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. మసక ఫైల్ చూసి ఫాంట్ బాగాలేదని తేల్చేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకొక మాట. పరీక్షను ఈ వరసలోనే చేయండి: ముందు మాటలు, తర్వాత మొదటి స్లైడ్, ఆఖరున మార్జిన్లు. మార్జిన్లతో మొదలుపెడితే, మాట మారిన ప్రతిసారీ వాటిని మళ్లీ సరిచేయాల్సి వస్తుంది.

## 1. బొమ్మలు పక్కనపెట్టి మాటలే చదవండి

కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేయండి. ఒక్కో అంకె ఎదురుగా ఆ స్లైడ్ ఏం చెబుతోందో ఒకే వాక్యంలో రాయండి. మన ఉదాహరణలో మొదట వచ్చింది ఇది:

1. పొందూరు ఖాదీ, తరతరాల వారసత్వం (పెద్ద లోగో, మగ్గం ఫొటో)
2. పొందూరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది
3. పునాస పత్తి, కొండ పత్తి, ఎర్ర పత్తి వాడతారు
4. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు
5. ఏకులు చేసి రాట్నం మీద వడుకుతారు
6. మగ్గం మీద నేస్తారు
7. పంచెను ఇలా ఉతకాలి
8. ఆర్డర్లకు ఫోన్ చేయండి

ఇప్పుడు రెండో స్లైడ్‌ను వేలితో మూసి మిగతావి చదవండి. ఏమైనా లోటు అనిపించిందా? లేదు. అంటే ఆ స్లైడ్ అక్కర్లేదు. ఇలా ఒక్కొక్కదాన్నీ మూసి చూడండి. మూసినా తేడా తెలియని స్లైడ్‌ను తీసేయడమో పక్కదానిలో కలిపేయడమో చేయాలి. ఇన్‌స్టాగ్రామ్ ఇరవై స్లైడ్‌ల దాకా ఒప్పుకుంటుంది కదా అని నింపకండి.

తర్వాత రెండు స్లైడ్‌ల చోట్లు మార్చి చదవండి. మూడు, ఏడు తారుమారైనా పోస్టు అలాగే నడుస్తుంటే, అది ఒకదాని పక్కన ఒకటి పెట్టిన కార్డుల కట్టే. ఒక స్లైడ్ తర్వాతిదాన్ని అడగడం లేదన్నమాట. చదివేవాళ్లకి ముందుకెళ్లే కారణం దొరకదు, ఆగిపోతారు. ఒక మినహాయింపు: 'పంచె కొనేముందు చూడాల్సిన ఐదు విషయాలు' లాంటి జాబితాలో చోట్లు మారినా నష్టం లేదు. అక్కడ చదివేవాళ్లని నడిపించేది అంకె. ప్రతి స్లైడ్‌లో ఆ అంకె ఒకేచోట పెద్దగా కనిపిస్తే చాలు.

మూడోది కీళ్ల పరీక్ష. ప్రతి స్లైడ్‌లో ఆఖరి వాక్యాన్ని, తర్వాతి స్లైడ్‌లో మొదటి వాక్యాన్ని కలిపి పైకి చదవండి. మన ఉదాహరణలో మూడు నుంచి నాలుగుకి వెళ్లే చోట ఇలా ఉంది: "ఈ మూడు రకాల పత్తితో నాణ్యమైన ఖాదీ తయారవుతుంది. / వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు." మొదటి వాక్యం కథను ముగించేసింది. ఇక జరపాల్సిన పనేముంది? దాన్నే ఇలా మార్చాం: "చెట్టు నుంచి తీసిన పత్తిలో ఆకు ముక్కలు, నలుసులు ఉంటాయి. పోగు తెగకుండా వాటిని తీయాలి. / అందుకు వాలుగ చేప దవడ కావాలి." మూడో స్లైడ్ చిక్కు పెట్టింది, నాలుగోది విప్పింది. ప్రతి కీలు దగ్గరా ఇంత నాటకం ఉండక్కర్లేదు. ఎనిమిదిలో మూడు నాలుగు చోట్ల ఉంటే మిగతావి ఆ ఊపులో నడిచిపోతాయి.

ఎక్కువగా జరిగే పొరపాటు: ప్రతి స్లైడ్ కింద 'జరపండి' అని బాణం గుర్తు పెట్టడం. కారణం లేనిచోట బాణం పనిచేయదు, కారణం ఉన్నచోట దాని అవసరం లేదు. మొదటి స్లైడ్‌లో ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. ఆ మేరకు చోటు కూడా మిగులుతుంది.

## 2. బొమ్మ ఒక స్లైడ్ నుంచి ఇంకో స్లైడ్‌లోకి పారుతుంటే అతుకు చూడండి

ఇది అందరికీ అక్కర్లేదు. మీ పోస్టులో అలాంటిది లేకపోతే మూడో మెట్టుకి వెళ్లిపోండి.

మన ఉదాహరణలో దువ్విన పత్తి నుంచి బయల్దేరిన నూలు పోగు నాలుగు, ఐదు, ఆరు స్లైడ్‌ల మీదుగా మగ్గం దాకా వెళ్తుంది. అందమైన ఆలోచన. స్వైప్ చేసేవాళ్ల చూపు ఆ పోగును పట్టుకునే వెళ్తుంది. ఇలాంటిది చేయడానికి మేలైన పద్ధతి మూడు స్లైడ్‌లనూ 3240 × 1350 సైజు ఒకే పొడుగు పేజీలో గీసి, సరిగ్గా 1080 దగ్గర, 2160 దగ్గర కోయడం. విడి పేజీల్లో గీస్తే, నాలుగో స్లైడ్ కుడి అంచులో పోగు ఏ ఎత్తులో ఆగిందో ఐదో స్లైడ్ ఎడమ అంచులో అదే ఎత్తులో మొదలవ్వాలి. గీతను పేజీ అంచు దాటించి కాస్త బయటికి లాగండి. సరిగ్గా అంచు మీద ఆపితే, ఫోన్‌లో అతుకు దగ్గర సన్నటి తెల్ల గీత కనబడొచ్చు.

చూడాల్సిన విధం: ఫోన్‌లో స్లైడ్‌ను సగం దాకా జరిపి, వేలు తీయకుండా ఆపండి. రెండు సగాలూ పక్కపక్కన కనిపిస్తాయి. పోగు విరిగిందా, రంగు మారిందా అక్కడే తెలిసిపోతుంది. కోత గీత మీద ముఖం గానీ అక్షరం గానీ పడకూడదు. సగం ముఖం ఉన్న స్లైడ్ విడిగా చూసేవాళ్లకి తప్పులా కనబడుతుంది.

## 3. మొదటి స్లైడ్‌ను చిన్నది చేసి చూడండి

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు బోర్డును ఎలా చదువుతామో, ఫీడ్‌లో మొదటి స్లైడ్‌ను జనం అలాగే చదువుతారు: కదులుతూ, ఒక్క చూపులో, తమకు కావలసింది అందులో ఉందా అని. కాబట్టి దాన్ని కూర్చుని తీరిగ్గా పరీక్షిస్తే లోపం కనబడదు.

గ్యాలరీలో ఫొటోలన్నీ చిన్న చదరాలుగా కనిపించే చోటికి వెళ్లండి. మీ మొదటి స్లైడ్ బొటనవేలి గోరుకి కాస్త పెద్దగా కనబడుతుంది. ప్రొఫైల్ గ్రిడ్‌లోనూ దాదాపు అంతే ఉంటుంది. ఫోన్‌ను చేతి దూరంలో పట్టుకుని మూడు సంగతులు చూడండి. శీర్షిక చదవగలుగుతున్నారా, విషయం తెలుస్తోందా? ఫొటోలో ఉన్నదేమిటో తెలుస్తోందా? ముందు కన్ను పడింది శీర్షిక మీదా, లోగో మీదా?

మన ఉదాహరణ మూడింటిలోనూ తప్పింది. 'తరతరాల వారసత్వం' అన్న మాట ఏ ఊరి ఏ వస్తువుకైనా అతుకుతుంది. మగ్గం ఫొటో దూరం నుంచి తీసింది, చిన్నదైతే కర్రల గుంపులా ఉంది. కన్ను మాత్రం లోగో దగ్గరే ఆగింది. దుకాణం పేరు పోస్టు పైన అకౌంట్ పేరుగా ఎలాగూ కనిపిస్తుంది. ఫొటోలో మళ్లీ పెద్దగా వేస్తే అసలు విషయానికి చోటుండదు.

సరిచేయడానికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. సాధారణంగా మంచి మొదటి స్లైడ్ మీ పోస్టు మధ్యలోనే ఎక్కడో దాగి ఉంటుంది. నేను ముందు వెతికేది మూడు, నాలుగు, ఐదు స్లైడ్‌లలోనే. ఇక్కడ అది నాలుగోది. అరచేతిలో వాలుగ చేప దవడ ఎముక, దాని సన్నటి పళ్ల మధ్య చిక్కుకున్న తెల్లటి పత్తి పోగులు: దగ్గరగా తీసిన ఫొటో అప్పటికే వాళ్ల దగ్గర ఉంది. అది మొదటికి వచ్చింది. శీర్షిక: "ఈ చేప దవడకి మీ పంచెతో ఏం పని?" లోగో తీసేశాం. 'పొందూరు ఖాదీ' అన్న రెండు మాటలు చిన్న అక్షరాల్లో కింద ఉంచాం.

ఒక హెచ్చరిక. మొదటి స్లైడ్ వేసిన ప్రశ్నకి జవాబు పోస్టులో కచ్చితంగా ఉండాలి, అదీ రెండు మూడు స్లైడ్‌ల లోపే. 'ఈ రహస్యం మీకు తెలుసా' అని పిలిచి, లోపల తెలిసిన సంగతులే చెబితే ఈసారికి జరుపుతారేమో, మీ తర్వాతి పోస్టును మాత్రం దాటేస్తారు.

రెండో స్లైడ్‌ని కూడా ఇలాగే చిన్నది చేసి పరీక్షించండి. మొదటి స్లైడ్ చూసి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్ కొన్నిసార్లు అదే పోస్టును రెండో స్లైడ్‌తో మళ్లీ చూపిస్తుంది. రెండోది 'అందుకే...' అని మొదలైతే వాళ్లకి తలాతోకా తెలియదు. మా ఉదాహరణలో రెండో స్లైడ్ "పొందూరులో పత్తిని మొదట దువ్వేది వాలుగ చేప దవడతో" అని మొదలైంది. మొదటిది చూసినవాళ్లకి అది జవాబు, చూడనివాళ్లకి కొత్త విషయం.

శీర్షికకి ఫాంట్ వెతుకుతుంటే, గూగుల్ ఫాంట్లలో గిడుగు, గురజాడ పేర్లతోనే తెలుగు ఫాంట్లు ఉన్నాయి. మన శ్రీకాకుళం, విజయనగరం పెద్దల పేర్లు కాబట్టి వాడాలని ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. శీర్షికకే వాడండి, అదీ చిన్న చదరంలో చదవగలిగాకే.

## 4. మార్జిన్లు: కంటితో కాదు, చట్రంతో

స్లైడ్ జరిపినప్పుడు శీర్షిక ఒకసారి కాస్త పైకి, ఒకసారి కాస్త పక్కకి దూకుతుంటే చదివేవాళ్లకి కారణం తెలియదు గానీ చిరాకు తెలుస్తుంది. ఇది కంటితో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే మీరు ఒకసారి ఒక స్లైడ్‌నే చూస్తున్నారు.

కంప్యూటర్‌లో కాన్వా ఉంటే ఇలా చేయండి. నాలుగు వైపులా 80 పిక్సెళ్ల ఖాళీ అనుకుందాం. అయితే లోపల మిగిలేది 920 × 1190. నింపుడు రంగు లేకుండా, ఎర్రటి అంచుతో ఆ కొలత దీర్ఘచతురస్రం ఒకటి గీసి, `Position` లో ఈ అంకెలు ఇవ్వండి:

```
Width 920   Height 1190
X 80        Y 80
```

దాన్ని కాపీ చేసి ప్రతి పేజీలోనూ అతికించండి. అతికించాక X, Y అంకెలు అవేనా అని ఒకసారి చూసుకోండి. ఇప్పుడు ఏ అక్షరం గీత దాటిందో, ఏ శీర్షిక గీతకి దూరంగా ఉందో తేలిపోతుంది. మన ఉదాహరణలో ఐదు స్లైడ్‌లు సరిగ్గా ఉన్నాయి, రెండింటిలో శీర్షిక ఎడమ అంచు 80 బదులు 96 దగ్గర ఉంది, ఉతికే పద్ధతి చెప్పే స్లైడ్‌లో అడుగు వరస గీత దాటి కిందికి పోయింది. ఆ స్లైడ్‌లో మాటలు ఎక్కువయ్యాయి. ఇలాంటప్పుడు అక్షరాలు చిన్నవి చేయకండి, మార్జిన్ తగ్గించకండి. ఒక వాక్యం తీసేయండి. పని అయ్యాక ఎర్ర దీర్ఘచతురస్రాలు అన్ని పేజీల్లోనూ తీసేశారో లేదో మళ్లీ చూసుకోండి.

గమనించండి: అంచు నుంచి అంచుకి నిండే ఫొటోలకి, పారే నూలు పోగుకి ఈ నియమం వర్తించదు. చట్రం అక్షరాలకి, అంకెలకి, గుర్తులకి మాత్రమే.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు కాగితం అంచు వాడొచ్చు. గ్యాలరీలో రెండో స్లైడ్ తెరిచి, శీర్షిక మొదటి అక్షరానికి ఎడమ పక్కన కాగితం అంచును నిలువుగా ఆనించండి. కాగితాన్ని కదపకుండా స్లైడ్‌లు జరపండి. ప్రతి శీర్షికా వచ్చి ఆ అంచు దగ్గరే ఆగాలి. కాగితం కిందికి దూరినా, దూరంగా ఆగినా ఆ స్లైడ్ తప్పు. పైఅంచుకి కాగితాన్ని అడ్డంగా పెట్టి ఇలాగే చూడండి.

తెలుగులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 'దవడ' అన్న మాటకి కింద వత్తు లేదు, 'మగ్గం', 'రాట్నం' మాటలకి ఉంది. గుడి, దీర్ఘాలు పైకి పోతాయి. అందుకని అక్షరాల నలుపును చూసి శీర్షికను పైకీ కిందికీ సర్దితే ప్రతి స్లైడ్‌లో ఒక్కోచోట నిలుస్తుంది. చేయాల్సింది ఇది: అన్ని శీర్షికలకీ ఒకే ఫాంట్, ఒకే సైజు, ఒకే వరస దూరం పెట్టి, టెక్స్ట్ పెట్టెల X, Y అంకెలు ఒకటిగా ఉంచండి. అప్పుడు వత్తులు ఎలా ఉన్నా అక్షరాలు కూర్చునే గీత మారదు. అడుగు మార్జిన్ దగ్గర మాత్రం ఆఖరి వరస వత్తుల కొస దాకా లెక్కలోకి తీసుకోండి. వరస దూరం 1.2 ఉంటే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగులుకోవచ్చు. 1.4 పెట్టి చూడండి, ఇంకా తగిలితే 1.5.

మూలల సంగతి కూడా ఇక్కడే. కుడి పై మూలలో ఇన్‌స్టాగ్రామ్ '1/8' అని స్లైడ్ సంఖ్య చూపిస్తుంది. పాట జోడిస్తే కుడి కింది మూలలో స్పీకర్ గుర్తు వస్తుంది, ఎవరినైనా ట్యాగ్ చేస్తే ఎడమ కింది మూలలో మనిషి గుర్తు వస్తుంది. ఆ మూడు మూలల్లో ధర, ఫోన్ నంబర్ లాంటివి పెట్టకండి.

80 ఎందుకంటే దానికీ కారణముంది. 2025 నుంచి ప్రొఫైల్ గ్రిడ్ 3:4 ఆకారంలో ఉంది. 1080 × 1350 స్లైడ్ అందులో కూర్చోవాలంటే రెండు పక్కలా సుమారు 34 పిక్సెళ్ల చొప్పున తెగుతుంది. 40 పిక్సెళ్ల మార్జిన్ పెడితే గ్రిడ్‌లో శీర్షిక అంచుకి అంటుకున్నట్టు ఉంటుంది. 80 పెడితే తెగాక కూడా ఊపిరాడుతుంది. ఇక అన్ని స్లైడ్‌లూ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే మొదటి స్లైడ్ ఆకారానికి తగ్గట్టు మిగతావి తెగుతాయి.

## 5. ఫోన్ వేరే మనిషి చేతికివ్వండి

సరిచేసిన స్లైడ్‌లను వరసగా ఒక ఆల్బమ్‌లో పెట్టి, ఆ మనిషికి ఇవ్వండి. "బాగుందా?" అని అడగొద్దు. అడిగితే "బాగుందండీ" అంటారు, మీకు పనికొచ్చేది ఏమీ దొరకదు. మాట్లాడకుండా బొటనవేలిని చూడండి. ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వచ్చింది, ఎక్కడ చదవకుండా దాటింది, స్లైడ్ అంకెలతో రాసుకోండి.

వెనక్కి వచ్చారంటే ముందు స్లైడ్ అర్థం కాలేదు, లేదా కీలు తెగింది. చదవకుండా దాటారంటే అక్కడ మాటలు ఎక్కువ. మధ్యలో ఫోన్ తిరిగి ఇచ్చేస్తే, ఆగిన స్లైడ్‌ను కాదు, దాని ముందు స్లైడ్ ఆఖరి వాక్యాన్ని అనుమానించండి. అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి: "ఇది దేని గురించి?" పొందూరు పోస్టుకి "చేప దవడతో పత్తి దువ్వి నేసే పంచెల గురించి" అని వస్తే చాలు. "ఏదో చేపల గురించి" అని వస్తే మొదటి స్లైడ్ కన్నును పట్టుకుంది గానీ వస్తువు దగ్గరికి తీసుకురాలేదు. అప్పుడు కింద చిన్నగా పెట్టిన 'పొందూరు ఖాదీ'ని కాస్త పెద్దది చేయాలి.

మీ డిజైనర్‌నీ, దుకాణం యజమానినీ ఈ పరీక్షకి కూర్చోబెట్టకండి. వాళ్లకి తర్వాత ఏం వస్తుందో ముందే తెలుసు.

## 6. పోస్ట్ బటన్ నొక్కే ముందు

ఇన్‌స్టాగ్రామ్‌లోనే స్లైడ్‌లు ఎంచుకుని, ఆఖరి తెర దాకా వెళ్లి, అక్కడ జరుపుతూ చూడండి. ఎంచుకున్న వరస తప్పడం ఇక్కడే ఎక్కువగా జరుగుతుంది. ఫైళ్ల పేర్లు 1, 2, 3 అని ఉన్నా, గ్యాలరీ వాటిని డౌన్‌లోడ్ అయిన వేళను బట్టి చూపించవచ్చు. 4:5 బదులు చదరంగా కత్తిరించిందేమో కూడా చూడండి. పోస్ట్ అయ్యాక అవసరమైతే ఒక స్లైడ్‌ను తీసేయగలరు, క్యాప్షన్ దిద్దగలరు. కానీ స్లైడ్ లోపలి అక్షరదోషాన్ని దిద్దే దారి లేదు.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించిన మేటర్‌ను కాన్వాలో అతికించి ఉంటే ప్రతి పదం మళ్లీ చదవండి. అది యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోవడం మామూలే. ముఖ్యంగా ఊరి పేర్లు, ధరలు, ఫోన్ నంబర్ అంకె అంకెగా సరిచూసుకోండి.

## 7. పోస్ట్ చేశాక ఫలితం చూసేది ఇలా

లైకులు చూసి స్వైప్ సంగతి తేల్చుకోలేరు. మొదటి స్లైడ్ చూసి లైక్ కొట్టి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. సేవ్‌లు, షేర్‌లు ఎన్నో చూడండి, మీ పాత క్యారసెల్‌లతో పోల్చండి. ఉతికే పద్ధతి లాంటి పనికొచ్చే స్లైడ్ లోపల ఉన్నప్పుడు, అక్కడిదాకా వెళ్లినవాళ్లు సేవ్ చేసుకుంటారు.

కామెంట్లు, మెసేజ్‌లు అంతకంటే బాగా చెబుతాయి. ఏడో స్లైడ్‌లో ధర రాసి ఉండగా అందరూ "రేటెంత?" అని అడుగుతుంటే వాళ్లు ఏడు దాకా రాలేదు. "చాకలికి వేయొచ్చా, గంజి పెట్టాలా?" అని లోపలి విషయం మీద అడుగుతుంటే వచ్చారు. వచ్చిన ప్రశ్నలను స్లైడ్ అంకెలతో రాసిపెట్టుకోండి. ఏ స్లైడ్ తర్వాత నుంచి ప్రశ్నలే రావడం లేదో, తర్వాతి పోస్టుకి కూర్చున్నప్పుడు కీళ్ల పరీక్షను ఆ స్థానం దగ్గరే మొదలుపెట్టండి.